ప్రూవబ్లీ ఫెయిర్ క్రాష్, డైస్ ఆటలు: ఆడేవాళ్లు దేన్ని సరిచూసుకోగలరు, దేన్ని చూసుకోలేరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

"ఇది ప్రూవబ్లీ ఫెయిర్ సైట్, ఇక్కడ మోసానికి చాన్సే లేదు" అనే మాట తెలుగు టెలిగ్రామ్ గ్రూపుల్లో తరచూ కనిపిస్తుంది. సైట్ ప్రూవబ్లీ ఫెయిర్ కావడం నిజమే కావచ్చు. కానీ అంత మాత్రాన మోసం ఉండదని చెప్పడానికి వీల్లేదు. హాష్ అంటే ఏ మాట నుంచైనా లెక్క కట్టి తీసే వేలిముద్ర లాంటి అక్షరాల వరస. ఈ హాష్ లెక్క ఒక చిన్న విషయాన్ని చాలా గట్టిగా రుజువు చేస్తుంది. దాని చుట్టూ ఉన్న మిగతా విషయాల గురించి అది ఏమీ చెప్పదు. ఏది ఏ వైపు ఉందో తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ ప్రశ్నలకు కొంచెం వివరంగా జవాబులు రాస్తున్నాను.

ప్రూవబ్లీ ఫెయిర్ అంటే అసలు దేనికి హామీ?

మీరు పందెం కాశాక, దాన్ని చూసి సైట్ ఫలితాన్ని మార్చలేదు అన్నదానికి మాత్రమే.

టెండర్లలో సీల్డ్ కవర్ ఎందుకు పెడతారో ఇక్కడా అందుకే. సైట్ ముందుగా ఒక రహస్య సంఖ్యను ఎంచుకుంటుంది. దీన్ని సర్వర్ సీడ్ అంటారు. సీడ్‌ను దాచిపెట్టి, దాని హాష్‌ను మాత్రం మీకు చూపిస్తుంది. మీరు ఆడతారు. ఆట అయ్యాక సీడ్‌ను బయటపెడుతుంది. మీరు దానికి హాష్ తీసి, ముందు చూపించిన హాష్‌తో పోల్చుకుంటారు. రెండూ ఒకటే అయితే, మీరు పందెం కాసేనాటికే ఆ రహస్యం ఖరారైపోయిందని అర్థం.

ఈ పద్ధతి బిట్‌కాయిన్ ఆటలతో బాగా వ్యాపించింది. 2012లో మొదలైన సతోషీడైస్ అనే సైట్ తన రహస్య సంఖ్యల హాష్‌లను ముందే ప్రకటించేది. మీరు పంపిన బిట్‌కాయిన్ లావాదేవీ ఐడీని ఆ రోజు రహస్యంతో కలిపి ఫలితం తీసేది. రోజు గడిచాక రహస్యాన్ని బయటపెట్టేది. ఇప్పటి డైస్ సైట్లన్నీ దాదాపు ఇదే ఆలోచన మీద నడుస్తున్నాయి. లావాదేవీ ఐడీ బదులు ఇప్పుడు క్లయింట్ సీడ్ ఉంటుంది, అంతే తేడా.

హాష్‌ను నేనే తీసి చూడొచ్చా? ప్రోగ్రామింగ్ రావాలా?

రానక్కర్లేదు. లినక్స్ టెర్మినల్‌లో గానీ, ఫోన్‌లో టెర్మక్స్ లాంటి యాప్‌లో గానీ ఒక్క లైను చాలు:

```
echo -n "hello" | sha256sum
```

ఎవరు కొట్టినా, ఏ దేశంలో కొట్టినా జవాబు ఇదే:

```
2cf24dba5fb0a30e26e83b2ac5b9e29e1b161e5c1fa7425e73043362938b9824
```

ఇప్పుడు ఆ `-n` తీసేసి కొట్టండి:

```
5891b5b522d5df086d0ff0b110fbd9d21bb4fc7163af34d08286a2e746f6be03
```

రెండింటికీ పోలికే లేదు. `-n` లేకపోతే echo మాట చివర కంటికి కనిపించని కొత్త లైను గుర్తును చేరుస్తుంది. అది చేరిందంటే హాష్ మొత్తం మారిపోయినట్టే. "సీడ్ హాష్ కలవడం లేదు, సైట్ దొంగది" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే. కాపీ చేసేటప్పుడు చివర్లో ఒక ఖాళీ చేరినా ఇదే జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని సైట్లు సీడ్‌ను కనిపించే అక్షరాలుగానే తీసుకుంటాయి, మరికొన్ని దాన్ని హెక్స్‌గా చదివి బైట్లుగా మార్చాక హాష్ తీస్తాయి. రెండు పద్ధతుల్లోనూ చూసి, రెండింట్లోనూ కలవకపోతేనే అనుమానించండి.

ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఈ హాష్ నుంచి వెనక్కి వెళ్లి అసలు మాటను కనుక్కునే దారి ఇప్పటివరకు ఎవరికీ తెలియదు. ఒకే హాష్ వచ్చే రెండు వేర్వేరు సీడ్‌లు కూడా ఎవరికీ దొరకలేదు. సైట్ చేతులు కట్టేసేది ఈ రెండో గుణమే.

డైస్‌లో 57.31 లాంటి నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

మూడు విషయాలు కలిస్తే వస్తుంది. ఒకటి సైట్ దాచిన సర్వర్ సీడ్. రెండోది మీరు పెట్టుకున్న క్లయింట్ సీడ్. మూడోది నాన్స్, అంటే ఈ సీడ్ జతతో మీరు ఎన్నో పందెం కాస్తున్నారో చెప్పే లెక్క. ఇప్పుడు ఎక్కువగా కనిపించే పద్ధతిలో సర్వర్ సీడ్‌ను తాళంచెవిలా వాడి, `godavari:57:0` లాంటి మాటకు హెచ్‌మ్యాక్ అనే రకం హాష్ తీస్తారు. ఇక్కడ godavari మీ క్లయింట్ సీడ్, 57 నాన్స్.

మీరు ఇంట్లో కూర్చుని సరిచూసుకునేలా ఒక లెక్క చేద్దాం. హెచ్‌మ్యాక్ పరీక్షలకు ప్రపంచమంతా వాడే ఒక మామూలు వాక్యం ఉంది. క్లయింట్ సీడ్, నాన్స్ ఉండాల్సిన చోట దాన్ని పెడదాం. సర్వర్ సీడ్ `key` అనుకుందాం.

```
echo -n "The quick brown fox jumps over the lazy dog" \
  | openssl dgst -sha256 -hmac "key"
```

వచ్చేది ఇది:

```
f7bc83f430538424b13298e6aa6fb143ef4d59a14946175997479dbc2d1a3cd8
```

ఇందులో మొదటి నాలుగు బైట్లు f7, bc, 83, f4. మామూలు అంకెల్లో 247, 188, 131, 244. మొదటిదాన్ని 256తో, రెండోదాన్ని 256 వర్గంతో, మూడోదాన్ని ఘనంతో, నాలుగోదాన్ని నాలుగో ఘాతంతో భాగించి అన్నీ కూడితే 0.96772027 వస్తుంది. దీన్ని 10001తో గుణిస్తే 9678.17. దశాంశం తర్వాతది వదిలేసి 100తో భాగిస్తే 96.78. డైస్ పడిన నంబర్ అదే.

"50.50 పైన" అని పందెం కాసి ఉంటే గెలిచేవారు. దీంట్లో యాదృచ్ఛికం అనేదే లేదని గమనించండి. సీడ్‌లు, నాన్స్ తెలిస్తే ఎవరు చేసినా 96.78 తప్ప ఇంకోటి రాదు. సరిచూసుకోవడం కుదిరేది అందువల్లే. అయితే సీడ్‌లు రెండూ తెలిసినవాళ్లకి రాబోయే నంబర్ కూడా తెలుస్తుంది. దాని గురించి కింద చెబుతాను.

క్లయింట్ సీడ్ ఎలాగూ సైటే ఇస్తోంది, మార్చుకోవడం అవసరమా?

చాలా అవసరం. నా దృష్టిలో మొత్తం పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది.

మీ క్లయింట్ సీడ్ ఏమిటో సైట్‌కి ముందే తెలుసనుకోండి. అప్పుడు అది వేల సర్వర్ సీడ్‌లను తయారు చేసి, ఒక్కోదానితో మీ మొదటి వంద ఫలితాలు ఎలా ఉంటాయో చూసి, మీకు బాగా నష్టం తెచ్చే సీడ్‌ను ఎంచుకోవచ్చు. ఆ తర్వాత దాని హాష్‌ను మీకు చూపిస్తుంది. చివర్లో మీరు సరిచూసుకుంటే హాష్ కలుస్తుంది, నంబర్లు కలుస్తాయి, అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. మోసం హాష్ చూపించడానికి ముందే జరిగిపోయింది కాబట్టి ఏ వెరిఫికేషన్‌లోనూ అది కనబడదు.

అందుకని వరస ముఖ్యం. ముందు కొత్త సర్వర్ సీడ్ హాష్ మీ స్క్రీన్ మీద కనబడాలి. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఆ తర్వాతే మీ క్లయింట్ సీడ్‌ను మీరే, మీ చేత్తో, ఇంతకు ముందు వాడనిది టైప్ చేయాలి. సైట్ పేజీలో "ర్యాండమ్" బటన్ నొక్కితే వచ్చే సీడ్ కూడా సైట్ రాసిన కోడ్ నుంచే వస్తుంది కదా. కొన్ని సైట్లలో క్లయింట్ సీడ్ మారిస్తే సర్వర్ సీడ్ కూడా అప్పుడే మారిపోతుంది. అలాంటి చోట తర్వాతి సర్వర్ సీడ్ హాష్‌ను ముందుగానే చూపిస్తున్నారా అని చూడండి. చూపించకుండా, మీరు కొత్త సీడ్ ఇచ్చాక గానీ హాష్ కనబడకపోతే ఆ రుజువుకు విలువ లేదు.

నేను ఆడినవాటిని సరిచూసుకునేటప్పుడు ఏం చూడాలి?

ముందు సీడ్ మార్చండి, దీన్ని రొటేట్ చేయడం అంటారు. మార్చేదాకా పాత సర్వర్ సీడ్ బయటపడదు. బయటపడ్డాక దాని హాష్ తీసి మీ స్క్రీన్‌షాట్‌తో పోల్చండి. సైట్ ఇప్పుడు చూపిస్తున్న "పాత హాష్"తో పోల్చుకుంటే ప్రయోజనం లేదు, ఎందుకంటే దాన్ని చూపిస్తున్నదీ సైటే. ఆ తర్వాత మీ పందేల జాబితాలో కొన్నింటికి పైన చేసిన లెక్క చేసి నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఇంకా చూడాల్సింది నాన్స్‌ల వరస. ఉదాహరణకు మీ జాబితాలో 40, 41, 42, 44, 45 అని ఉన్నాయనుకోండి. 43 ఏమైంది? ఆ సమయంలో "కనెక్షన్ ఎర్రర్, మళ్లీ ప్రయత్నించండి" అని వచ్చిందా? ఇప్పుడు సీడ్ మీ చేతిలో ఉంది కాబట్టి 43కి లెక్క చేసి చూడండి. ఆ పందెం గెలిచేదో ఓడేదో తెలిసిపోతుంది. నిజంగా నెట్‌వర్క్ సమస్య అయితే మాయమైన పందేల్లో గెలుపులూ ఓటములూ మీ మామూలు పాళ్లలోనే ఉంటాయి. ఒకటి పోతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. పది నాన్స్‌లు మాయమై, అందులో తొమ్మిది మీరు గెలిచేవే అయితే సందేహించాల్సిందే. సర్వర్‌కి ఫలితం ముందే తెలుసు, గెలిచే పందేన్ని ఎర్రర్‌గా మింగేయడం దానికి సాధ్యమే. హాష్ ఆ పనిని ఆపలేదు, కానీ నాన్స్ దాన్ని బయటపెట్టగలదు.

సీడ్ రొటేట్ చేసేలోపే మీ ఖాతాను బ్లాక్ చేస్తే పాత సర్వర్ సీడ్ ఎప్పటికీ బయటికి రాదు. అప్పుడు మీ దగ్గర స్క్రీన్‌షాట్‌లో హాష్ ఉంటుంది గానీ దాన్ని దేనితోనూ పోల్చలేరు. ఒకే సీడ్ జతతో వారాల తరబడి ఆడేవాళ్లు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

సైట్‌లోనే "వెరిఫై" బటన్ ఉంది కదా, అది చాలదా?

చాలదు. ఆ బటన్ వెనక కోడ్ సైట్‌దే, పచ్చ టిక్కు పెట్టేదీ సైటే. ఫార్ములాను బయటపెట్టి, వేరే చోట లెక్క చేసుకునే వీలు ఇచ్చిన సైట్‌లో ఆ బటన్ సౌకర్యం మాత్రమే. ఫార్ములా చెప్పకుండా బటన్ మాత్రమే ఇచ్చిన సైట్‌లో అది అలంకారం.

క్రాష్‌లో అందరికీ ఒకటే ఫలితం. అక్కడ నా క్లయింట్ సీడ్ ఎక్కడుంటుంది?

పెరుగుతూ పోయే రెట్లు పేలిపోయేలోపు క్యాష్ అవుట్ నొక్కి డబ్బు తీసుకోవాల్సిన ఆట క్రాష్. చాలా క్రాష్ ఆటల్లో క్లయింట్ సీడ్ అసలు ఉండదు. అక్కడ వేరే ఏర్పాటు ఉంది. బస్టాబిట్ అనే క్రాష్ సైట్ దాన్ని జనాల్లోకి తెచ్చింది. ఆ సైట్ ఒక రహస్యంతో మొదలుపెట్టి దానికి హాష్ తీసింది, ఆ హాష్‌కి మళ్లీ హాష్, దానికి ఇంకో హాష్, ఇలా కోటి ఆటలకు సరిపడా గొలుసు తయారు చేసింది. ఆటలు మాత్రం చివరి నుంచి వెనక్కి నడుస్తాయి. అంటే చివరగా తయారైన హాష్‌ను ముందే ప్రకటించి, దాని ముందుది మొదటి ఆటకు, ఇంకా ముందుది రెండో ఆటకు వాడుకుంటూ వస్తారు.

దీనివల్ల ఈ రోజు ఆట హాష్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 తీస్తే అంతకు ముందు ఆట హాష్ వస్తుంది. అలా తీసుకుంటూ పోతే మొదట ప్రకటించిన హాష్ దాకా చేరుకోవచ్చు. మధ్యలో ఒక్క ఆటను మార్చినా గొలుసు అక్కడే తెగిపోతుంది. ముందుకి మాత్రం వెళ్లలేరు, రేపటి ఆట కావాలంటే హాష్‌ను వెనక్కి తిప్పాలి.

సరే, సైట్ వెయ్యి గొలుసులు తయారు చేసి తనకు లాభం తెచ్చేదాన్ని ఎంచుకుంటేనో? దానికి విరుగుడుగా బస్టాబిట్ చివరి హాష్‌ను బహిరంగంగా ప్రకటించి, ఇంకా పుట్టని ఒక బిట్‌కాయిన్ బ్లాక్ నంబర్‌ను చెప్పి, ఆ బ్లాక్ హాష్‌ను ప్రతి ఆటలోనూ కలుపుతామంది. ఆ బ్లాక్ హాష్ ఏమవుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. ఒక రకంగా అదే అందరి తరఫునా క్లయింట్ సీడ్.

కొత్త క్రాష్ సైట్ కనబడితే నేను ముందు చూసేది ఇదే. గొలుసు చివరి హాష్‌ను ఎక్కడ ప్రకటించారు? ఆ పోస్టు తేదీ, వాళ్లు చెప్పిన బ్లాక్ పుట్టిన సమయం కంటే ముందుదేనా? పోస్టు వాళ్ల సొంత పేజీలోనే ఉంటే తేదీని ఎప్పుడైనా మార్చొచ్చు. ఇతరుల ఫోరమ్‌లో ఉండి, కింద వేరేవాళ్లు కోట్ చేసి ఉంటే నమ్మొచ్చు. గొలుసు ఉండి బయటి బ్లాక్ లేకపోతే, ఫలితాలు మధ్యలో మారలేదన్నదే తెలుస్తుంది. గొలుసును నిజాయితీగా ఎంచుకున్నారా అన్నది తెలియదు.

హాష్ నుంచి మల్టిప్లయర్ ఎలా వస్తుంది? సైట్ లాభం ఎక్కడ దాక్కుంది?

బస్టాబిట్ రెండో వెర్షన్ లెక్క చిన్నదే. ఆట హాష్‌ను, బ్లాక్ హాష్‌ను కలిపి హెచ్‌మ్యాక్ తీస్తారు. వచ్చినదాంట్లో మొదటి 13 హెక్స్ అంకెలను 0కి 1కి మధ్య సంఖ్యగా మారుస్తారు. దాన్ని X అనుకుంటే:

```
result = floor(99 / (1 - X)) / 100
```

ఇది 1 కంటే తక్కువ వస్తే 1.00గా తీసుకుంటారు. పైన డైస్ కోసం వాడిన హెచ్‌మ్యాక్‌నే ఇక్కడ పెట్టి చూద్దాం. X మళ్లీ 0.96772027. ఒకట్లోంచి తీసేస్తే 0.03227973. 99ని దీంతో భాగిస్తే 3066.94. అంటే ఆ ఆట 30.66 రెట్ల దగ్గర క్రాష్ అవుతుంది.

సైట్ వాటా ఆ 99లో ఉంది. అక్కడ 100 ఉంటే సైట్‌కి ఏమీ మిగలదు. 99 ఉండటం వల్ల ఆట 2.00 రెట్లకు చేరే అవకాశం 50 శాతం కాకుండా 49.5 శాతం అవుతుంది, 10 రెట్లకు 9.9 శాతం. ఎక్కడ క్యాష్ అవుట్ పెట్టుకున్నా దీర్ఘకాలంలో వందకి రూపాయి సైట్‌కి వెళ్తుంది. దాదాపు యాభై ఆటల్లో ఒకటి 1.00 దగ్గరే పేలిపోవడానికి కారణం కూడా ఇదే ఫార్ములా. అది చూసి "కావాలని పేల్చారు" అనడం సరికాదు.

ఈ 99 స్థానంలో 95 పెట్టిన సైట్ కూడా ప్రూవబ్లీ ఫెయిరే, హాష్‌లన్నీ చక్కగా కలుస్తాయి. ఫెయిర్ అన్న పదంలో సైట్ మీ దగ్గర ఎంత తీసుకుంటుందనే విషయం లేదు. డైస్‌లో ఇదే విషయం చెల్లింపు దగ్గర కనిపిస్తుంది. గెలిచే అవకాశం 49.5 శాతం ఉన్న పందేనికి 2 రెట్లు ఇస్తే సైట్ వాటా 1 శాతం, 1.9 రెట్లు ఇస్తే దాదాపు 6 శాతం.

ఆ వాటాను నా గెలుపోటములను చూసి కనిపెట్టలేనా?

ఆచరణలో కుదరదు. 2 రెట్ల దగ్గర ఆడుతుంటే, 1 శాతం వాటాకీ 3 శాతం వాటాకీ తేడా గెలుపు రేటులో ఒక్క శాతం, 49.5కి బదులు 48.5. మామూలు అదృష్టపు ఊగిసలాట నుంచి ఆ ఒక్క శాతాన్ని వేరు చేయాలంటే దాదాపు 10,000 పందేలు కావాలి. మూడు వందల ఆటల స్ప్రెడ్‌షీట్ చూపించి "సైట్ నిజాయితీది" అన్నా, "దొంగది" అన్నా ఆ మాటకు ఆధారం లేదు. వాటా ఫార్ములాలో రాసి ఉంటుంది, అక్కడే చదవాలి.

అంటే క్రాష్ ఎక్కడ జరుగుతుందో సైట్‌కి ముందే తెలుసా?

తెలుసు. గొలుసు మొత్తం వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి ఈ ఆటే కాదు, వచ్చే నెల ఆట కూడా తెలుసుకోగలరు. డైస్‌లో కూడా అంతే, మీ రెండు సీడ్‌లూ సర్వర్ దగ్గరే ఉంటాయి. ఇది తెలిశాక చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. కొంతవరకు అది అనవసరం. తెలిసినా మార్చలేరు, హాష్ ఇచ్చే హామీ అదే.

కానీ తెలిసిన సమాచారాన్ని వాడుకోవచ్చు. లోపలి మనిషి ఒక మారు ఖాతా తెరిచి, క్రాష్‌కి కాస్త ముందు క్యాష్ అవుట్ చేసుకుంటూ ఆడొచ్చు. గెలుపులు చెల్లించే సైట్ నిధిలో బయటివాళ్లు పెట్టుబడి పెట్టి ఉంటే నష్టపోయేది వాళ్లు. మీరు ఎన్ని హాష్‌లు సరిచూసినా అది బయటపడదు, ఎందుకంటే ఆటలు అన్నీ నిజమైనవే.

సీడ్ బయటికి పొక్కితే ఏమవుతుందో చూపించిన ఘటన ఒకటి ఉంది. 2014లో ప్రైమ్‌డైస్ సైట్‌లో ఒక ఆటగాడు సీడ్ మార్చే అభ్యర్థనలను ఒకేసారి గుప్పించి సర్వర్‌ను తికమక పెట్టాడు. ఇంకా వాడుకలో ఉన్న సర్వర్ సీడ్‌నే అది పాతదనుకుని అతనికి చూపించేసింది. అప్పటినుంచి రాబోయే ప్రతి నంబర్ అతనికి ముందే తెలుసు. దాదాపు 2,400 బిట్‌కాయిన్లు గెలుచుకెళ్లాడు. ఆ పందేలన్నీ వెరిఫికేషన్‌లో సరిగ్గానే నిలిచేవే. అక్కడ నష్టపోయింది సైట్. దిక్కు మారితే నష్టపోయేది ఆటగాళ్లే.

ఏవియేటర్‌లో ముగ్గురు ఆటగాళ్ల సీడ్‌లు కలుపుతారట. అది మెరుగైనదా?

స్ప్రైబ్ తయారు చేసిన ఏవియేటర్‌లో సర్వర్ సీడ్‌తో పాటు ఆ రౌండ్‌లో మొదట పందెం కాసిన ముగ్గురి క్లయింట్ సీడ్‌లను కలిపి ఎస్‌హెచ్‌ఏ-512 హాష్ తీస్తారు. ఈ ఆలోచనలో మంచి ఉంది. సైట్ ఒక్కదాని చేతిలోనే ఫలితం ఉండదు. ఆట ఆటగాడికి తిరిగిచ్చేది 97 శాతం అని వాళ్లే ప్రకటించారు, అంటే వాటా 3 శాతం.

అయితే ఇలాంటి ఏ ఏర్పాటులోనైనా ఒక షరతు ఉంటుంది. ఆ ముగ్గురూ నిజంగా బయటివాళ్లై ఉండాలి. ముగ్గురూ నడిపేవాళ్ల సొంత బాట్‌లే అయితే, సర్వర్ సీడ్ వాళ్లకు తెలుసు, క్లయింట్ సీడ్‌లూ వాళ్లవే. తమకు నచ్చిన ఫలితం వచ్చేదాకా సీడ్‌లు మార్చి చూసుకోవచ్చు. స్క్రీన్ మీద కనబడే పేర్లు మనుషులవా కావా అన్నది మీరు సరిచూసుకోలేరు. మీరే ఆ ముగ్గురిలో ఒకరై, మీరు పెట్టుకున్న సీడ్ ఆ రౌండ్ వివరాల్లో కనిపిస్తే ఆ ఒక్క రౌండ్‌కి మాత్రం మీకు భరోసా.

పోతే, అదే విమానం బొమ్మతో తిరిగే నకిలీ యాప్‌లు ఎన్నో ఉన్నాయి. వాటిలో హాష్ అని కనబడే అక్షరాల వెనక లెక్క ఏదీ ఉండకపోవచ్చు. రౌండ్ అయిపోయాక మాత్రమే హాష్ చూపించే ఆటను ప్రూవబ్లీ ఫెయిర్ అనడానికే వీల్లేదు.

క్యాష్ అవుట్ నొక్కాను, అయినా పట్టలేదు. దీన్ని రుజువు చేయొచ్చా?

చేయలేరు. క్రాష్ ఎక్కడ జరగాలో హాష్ చెబుతుంది, మీ నొక్కు సర్వర్‌కి ఎప్పుడు చేరిందో చెప్పదు. మీ స్క్రీన్ మీద 1.98 కనిపిస్తున్నప్పుడు సర్వర్‌లో ఆట 2.04కి వెళ్లి ఉండొచ్చు. మొబైల్ డేటా మీద ఆ కొద్ది ఆలస్యం మామూలే. నిజంగా ఆలస్యమైందా, సర్వర్ కావాలని ఆపిందా అన్నది బయట నుంచి తేల్చే దారి లేదు.

ఆటో క్యాష్ అవుట్ వేరు. అంకెను ముందే ఇచ్చేస్తారు కాబట్టి నెట్‌వర్క్ పాత్ర ఉండదు. 2.00 అని పెట్టారు, ఆట హాష్ ప్రకారం 2.00 లేదా పైన క్రాష్ అయింది, అయినా డబ్బు పడలేదు అంటే అది స్పష్టమైన తప్పు, మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. ఈ ఒక్క కారణం చాలు, చేత్తో నొక్కే ఆట కన్నా ఆటోలో సరిచూసుకోగలిగేది ఎక్కువ అనడానికి.

వరసగా ఏడు ఆటలు 2 రెట్ల లోపే పేలాయి. తర్వాతది పెద్దదే కదా?

కాదు. 1 శాతం వాటా ఉన్న ఆటలో 2 రెట్ల లోపు పేలే అవకాశం 50.5 శాతం. అది ఏడుసార్లు వరసగా జరిగే అవకాశం దాదాపు 120లో ఒకటి. రోజంతా నడిచే ఆటలో ఇలాంటివి మళ్లీ మళ్లీ వస్తాయి. ఎనిమిదో ఆట హాష్‌కి ముందు ఏడూ పెద్దవో చిన్నవో సంబంధం లేదు.

టెలిగ్రామ్‌లో ప్రెడిక్టర్ యాప్ అమ్ముతున్నారు. పాత హాష్‌లు పెడితే తర్వాతి రౌండ్ చెబుతుందట?

అబద్ధం. పాత హాష్ నుంచి తర్వాతి ఆట కనుక్కోవాలంటే ఎస్‌హెచ్‌ఏ-256ను వెనక్కి తిప్పాలి. అది చేయగలిగినవాళ్లకి మీ దగ్గర రెండు వేలు తీసుకోవాల్సిన అవసరం ఉండదు. వాళ్లు చూపించే వీడియోలు రౌండ్ అయ్యాక తయారు చేసినవి, లేదా వాళ్లే నడిపే నకిలీ సైట్‌లో తీసినవి. "ఈ లింకుతో కొత్త ఖాతా తెరిస్తేనే యాప్ పని చేస్తుంది" అంటే ఆ లింకు ద్వారా మీరు పోగొట్టుకునే డబ్బులో వాళ్లకి కమీషన్ ఉందన్నమాట.

అన్నీ సరిచూశాను, అన్నీ కలిశాయి. కానీ విత్‌డ్రా ఇవ్వడం లేదు. హాష్‌లు సాక్ష్యంగా పనికొస్తాయా?

ఆటలు సరిగ్గా జరిగాయని చూపించడానికి పనికొస్తాయి. మీ బ్యాలెన్స్ మీకు ఇవ్వాలని వాళ్లను బలవంతపెట్టడానికి పనికిరావు. సైట్ దగ్గర చెల్లించడానికి డబ్బు ఉందా, కేవైసీ పేరుతో ఆపుతారా, బోనస్ షరతు చూపి గెలుపును రద్దు చేస్తారా అన్నవి ఏ సీడ్‌లోనూ లేవు. నా అనుభవంలో డబ్బు నిజంగా పోయేది ఎక్కువగా ఈ చివరి మెట్టు దగ్గరే, హాష్ దగ్గర కాదు.

మన దగ్గర చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది, ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు ఆటలు నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అందులో ఉన్నాయి. వాటికి ప్రచారం చేయడం కూడా నేరమే. అంటే విదేశీ లైసెన్సు చూపించే సైట్ మీ డబ్బు ఆపేస్తే, "నా గెలుపు నాకు ఇప్పించండి" అని ఇక్కడ ఏ అధికారి దగ్గరా నిలబడే పరిస్థితి లేదు.

డబ్బు మోసపూరితంగా లాగేసుకున్నారన్న ఫిర్యాదు మాత్రం వేరు. నకిలీ యాప్, ప్రెడిక్టర్ అమ్మకం, "విత్‌డ్రాకి ముందు టాక్స్ కట్టండి" అని మళ్లీ డబ్బు అడగడం లాంటివి సైబర్ నేరాలు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి, `cybercrime.gov.in`లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు వెళ్లిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. అక్కడ అడిగేది సీడ్‌లు, నాన్స్‌లు కాదు. యూపీఐ లావాదేవీ నంబరు, డబ్బు వెళ్లిన ఖాతా లేదా యూపీఐ ఐడీ, చాట్ స్క్రీన్‌షాట్లు, సైట్ లేదా యాప్ లింకు దగ్గర పెట్టుకోండి.